పాదముద్ర ఫోటో చూసి జంతువును, దాని నడకను, వెళ్లిన దిక్కును పోల్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బురదలోనో ఇసుకలోనో పంజా గుర్తు కనిపించగానే ఫోటో తీసి "ఇది చిరుతేనా?" అని అడిగేవాళ్లే ఎక్కువ. నూటికి తొంభై సందర్భాల్లో అసలు తేల్చాల్సింది అది కుక్క జాతిదా, పిల్లి జాతిదా అన్నదే. అందుకే ఈ పేజీలో ఎక్కువ భాగం ఆ తేడా మీదే నడుస్తుంది. గిట్టల జంతువులు, కుందేళ్లు అవసరమైన చోట మాత్రమే వస్తాయి.

గోళ్ల గుర్తులు లేవు. అంటే పిల్లి జాతే కదా?

కాదు. అందరూ మొదట చూసేది గోళ్లనే, అందరినీ ఎక్కువగా తప్పుదారి పట్టించేదీ అవే. పిల్లి జాతి జంతువులు నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి మామూలుగా గోళ్లు పడవు, నిజమే. కానీ జారే బురదలో పట్టు కోసం చిరుత గోళ్లు బయటికి తీస్తుంది, పరుగెత్తేటప్పుడూ తీస్తుంది. చీతా గోళ్లయితే పూర్తిగా లోపలికి పోవు కాబట్టి దాని ముద్రలో గోళ్లు పడటం మామూలే.

ఇటు కుక్క సంగతీ అంతే. గట్టి నేల మీద పల్చటి బురద పొర ఉంటే గోరు ఆనినా గుర్తు పడకపోవచ్చు. అరిగిపోయిన గోళ్లున్న కుక్కకైతే మెత్తటి నేలలో కూడా సన్నటి చీలికలాంటి గుర్తే మిగులుతుంది. అది ఫోటోలో నీడలో కలిసిపోతుంది. కాబట్టి గోళ్లు కనిపిస్తే ఒక ఆధారంగా రాసుకోండి, కనిపించకపోతే దాన్ని బట్టి ఏమీ తేల్చకండి.

మరి దేన్ని నమ్మాలి?

అరికాలి మెత్తను, అంటే వేళ్ల వెనక ఉండే పెద్ద మెత్తను. పిల్లి జాతిలో అది ముద్ర మొత్తంలో బాగా పెద్ద భాగం ఆక్రమిస్తుంది. దాని వెనక అంచు మూడు తమ్మెలుగా ఉంటుంది, ముందు అంచు కాస్త బల్లపరుపుగా, మధ్యలో చిన్న నొక్కుతో ఉంటుంది. కుక్క జాతిలో ఈ మెత్త చిన్నది, త్రికోణంలా ఉంటుంది. ముందు అంచు ఒకే బొడిపెలా ముందుకు పొడుచుకొస్తుంది. వెనక వైపు రెండు మూలలు కిందికి దిగి ఉంటాయి.

రెండోది వేళ్ల అమరిక. మీ కుడి అరచేతిని బల్ల మీద బోర్లించి వేళ్లు చూడండి: నడిమి వేలు మిగతా వాటికన్నా ముందుకు ఉంటుంది, చిటికెన వేలు బాగా వెనక్కి ఉంటుంది. పిల్లి జాతి పంజా కూడా అంతే. నాలుగు వేళ్లలో మధ్య రెండు సమానంగా ఉండవు, ఒకటి ముందుకు వస్తుంది. కుక్క జాతిలో మధ్య రెండు వేళ్లు దాదాపు ఒకే గీత మీద ఉంటాయి. ముద్రను మధ్యకు నిలువుగా మడిస్తే రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి సరిపోతాయి.

మూడోది మెత్తల మధ్య మిగిలిన మట్టి. ఇది చాలామంది చూడరు, కానీ నాకు ఎక్కువ పనికొచ్చేది ఇదే. కుక్క ముద్రలో బయటి వేళ్లకూ అరికాలి మెత్తకూ మధ్య ఉన్న ఖాళీల గుండా రెండు గీతలు గీస్తే ముద్ర నడుమ గుణకారం గుర్తులా అడ్డంగా కలుస్తాయి. ఆ కలిసే చోట మట్టి చిన్న గుబ్బలా పైకి లేచి ఉంటుంది. పిల్లి ముద్రలో అలా గీయబోతే గీతలు అరికాలి మెత్త మీదుగా పోతాయి. ఖాళీ స్థలం వేళ్లకూ మెత్తకూ మధ్య వంపు తిరిగిన పట్టీలా మాత్రమే ఉంటుంది. ముద్ర సగం చెరిగినా ఈ ఖాళీ ఆకారం చాలాసార్లు నిలిచి ఉంటుంది.

ముద్ర గుండ్రంగా ఉంటే పిల్లి, కోలగా ఉంటే కుక్క అంటారు. అది చాలదా?

శుభ్రమైన ముద్రకు చాలావరకు సరిపోతుంది. కానీ మెత్తటి బురదలో కుక్క కాలి వేళ్లు విచ్చుకుని ముద్ర గుండ్రంగా కనబడుతుంది. వెనక కాలు ముందు కాలి ముద్ర మీద కొంచెం తప్పి పడితే పిల్లి ముద్ర కూడా కోలగా తేలుతుంది. ఆకారాన్ని చివర్లో చూడండి, ముందు చూస్తే కన్ను దానికే అతుక్కుపోతుంది.

ఫోటోలో గుంట బదులు బొడిపెలా కనిపిస్తోంది. ఎందుకు?

ఫోటో పాడవలేదు. వెలుగు పై నుంచి వస్తుందని మన మెదడు ముందే అనుకుంటుంది. ఫోటోలో ఎండ కింది వైపు నుంచి పడి ఉంటే, గుంటలో కింది గోడ నీడలో, పై గోడ వెలుగులో ఉంటుంది. సరిగ్గా పై నుంచి వెలుగు పడిన బొడిపె ఎలా ఉంటుందో అలాగే కనిపిస్తుంది. ఫోటోను తలకిందులుగా తిప్పండి, వెంటనే గుంటలా దిగుతుంది. వేలి మెత్తల మధ్య ఉన్న గుబ్బను మెత్త అనుకుని "ఐదు వేళ్లు ఉన్నాయి" అనే వాళ్ల ఫోటోల్లో చాలావాటికి ఇదే కారణం.

ఫోటో ఎలా తీస్తే చదవడానికి వీలుగా ఉంటుంది?

ఫోన్‌ను ముద్రకు సరిగ్గా పైన, నేలకు సమాంతరంగా పట్టుకోండి. ముద్ర ఫ్రేము నడుమ ఉండాలి, ఎందుకంటే ఫోన్ లెన్స్ అంచుల దగ్గర ఆకారాన్ని సాగదీస్తుంది. ఎండ పక్క నుంచి ఏటవాలుగా పడే ఉదయం, సాయంత్రం వేళలు మంచివి. నడినెత్తి ఎండలో గుంటలకు నీడ ఉండదు, ముద్ర చదునుగా అయిపోతుంది. అప్పుడు ముద్ర మీద మీ నీడ పడేలా నిలబడి, పక్క నుంచి టార్చితో వెలుగు ఇవ్వండి. ఫ్లాష్ వద్దు, అది లోతును మింగేస్తుంది.

స్కేలు పెట్టే చోట అందరూ పొరపడతారు. స్కేలును ముద్ర పక్కన, ముద్ర అడుగు ఎంత లోతులో ఉందో అంత లోతులో పెట్టాలి. ముద్ర 3 సెంటీమీటర్ల లోతు, ఫోన్ ఆ అడుగు నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. స్కేలు పై అంచున పెడితే అది ఫోన్‌కు 57 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. దగ్గరగా ఉంది కాబట్టి 5 శాతం పెద్దగా కనబడుతుంది, ముద్ర ఆ మేరకు చిన్నదిగా లెక్క తేలుతుంది. 5 శాతమే కదా అనిపించవచ్చు. కానీ చిరుత పిల్లకూ అడవిపిల్లికీ మధ్య ఊగిసలాడే ముద్ర అయితే అదే తీర్పును మార్చేస్తుంది. స్కేలు లేకపోతే నాణెం, అగ్గిపెట్టె, కొలత తెలిసిన ఏ వస్తువైనా సరే. చెప్పు పెట్టకండి, చెప్పు సైజు మీకు తప్ప ఎవరికీ తెలియదు.

ముద్ర ఒక్కదానితో ఆగకండి. జాడ సాగిన దారిని కూడా ఒక ఫోటో తీయండి, ఎందుకంటే నడక, దిక్కు తేలేది అక్కడే. పంపేటప్పుడు మెసేజింగ్ యాప్‌లో మామూలుగా పంపితే సన్నటి గీతలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి.

కొలత ఎక్కడి నుంచి ఎక్కడికి తీయాలి?

అడుగు నుంచి, పై అంచు నుంచి కాదు. బురదలో దిగిన కాలికి గోడలు ఏటవాలుగా తెరుచుకుంటాయి. పై అంచున కొలిస్తే ప్రతి ముద్రా ఒక సైజు పెద్దదైపోతుంది. గుంట అడుగు చదునుగా ఉండి గోడ మొదలయ్యే చోట ఒక మలుపు కనిపిస్తుంది. అక్కడ కొలవండి. గోళ్లను పొడవులో కలపకండి. పొడి ఇసుకలో అయితే గోడలు జారి అడుగును కప్పేస్తాయి కాబట్టి కొలత మీద ఆధారపడొద్దు.

ఒక అంచనా కోసం: పెంపుడు పిల్లి ముద్ర వెడల్పు 3 సెంటీమీటర్ల చుట్టూ, పెద్ద చిరుతది 7 నుంచి 9 వరకు, పెద్ద పులిది 12 పైన ఉంటుంది. కుక్కల్లో జాతిని బట్టి సైజు ఎంతైనా మారుతుంది కాబట్టి సైజు చూసి "కుక్కకు ఇంత పెద్ద కాలా" అని కొట్టిపారేయకండి. పులి పిల్ల ముద్ర, చిరుత ముద్ర సైజులో ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. అలాంటప్పుడు పక్కనే తల్లి ముద్రలు ఉన్నాయేమో వెతకడం మేలు.

నక్క, దుమ్ములగొండి సంగతేమిటి?

నక్క కుక్క జాతిదే, ముద్ర చిన్నది, సన్నగా కోలగా ఉంటుంది. మధ్య రెండు వేళ్ల మెత్తలు వెనక భాగంలో ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి. శుభ్రమైన బురద ముద్రలో ఇది కనిపిస్తే ఊరకుక్క కాదని గట్టిగానే చెప్పవచ్చు. దుమ్ములగొండికి గోళ్లు పడతాయి, చూపులకు కుక్కలాగే ఉంటుంది, కానీ ముందు కాలు వెనక కాలికన్నా కొట్టొచ్చినట్టు పెద్దది. అందుకే ఒక్క ముద్రతో కాదు, ముందు వెనక కాళ్ల జత చూశాకే దాన్ని పోల్చాలి.

ఏది ముందు కాలో, ఏది వెనక కాలో ఎలా తెలుస్తుంది?

కుక్క, పిల్లి జాతులు రెండింటిలోనూ ముందు కాలి ముద్ర కొంచెం వెడల్పు. తల, మెడ, భుజాల బరువు దాని మీదే ఉంటుంది. రెండు ముద్రలు ఒకదాని మీద ఒకటి పడితే పైన ఉన్నది, అంటే అంచులు చెరగకుండా ఉన్నది, వెనక కాలిదే. ముందు కాలు లేచాకే వెనక కాలు అక్కడికి వస్తుంది.

కుడి, ఎడమ తేల్చడానికి పిల్లి జాతిలో మళ్లీ ఆ ముందుకొచ్చిన వేలే దారి. మధ్య రెండు వేళ్లలో ఎడమ వైపుది ముందుకు ఉంటే అది కుడి కాలు.

నడిచిందా, పరుగెత్తిందా?

ఒక్క ముద్ర చూసి ఈ మాట చెప్పేవాళ్లను నమ్మకండి. కనీసం నాలుగైదు చోట్ల పడిన జాడ కావాలి.

తీరిగ్గా నడిచే జంతువు జాడ కుడి, ఎడమ, కుడి, ఎడమగా సాగుతుంది. వెనక కాలు ముందు కాలి ముద్ర మీదో, దానికి కాస్త వెనకో ముందో పడుతుంది. పిల్లి జాతి చాలాసార్లు వెనక కాలిని సరిగ్గా ముందు కాలి ముద్రలోనే పెడుతుంది, అప్పుడు రెండు కాళ్ల జంతువు నడిచినట్టు కనబడుతుంది. వేగం పెరిగి చిన్న పరుగు అందుకుంటే ముద్రల మధ్య ఎడం పెరుగుతుంది, జాడ ఇరుకై దాదాపు ఒకే గీత మీదికి వస్తుంది.

కుక్కలకు ఒక ప్రత్యేకమైన చిన్న పరుగు ఉంది. నడుమును ఒక పక్కకు తిప్పి, ఒంటిని ఏటవాలుగా పెట్టి పోతాయి. వెనక కాళ్లు ముందు కాళ్లకు తగలకుండా ఉండటానికి అది వాటి ఉపాయం. జాడలో రెండేసి ముద్రల జతలు పడతాయి. ప్రతి జతలో చిన్నది పెద్దదానికి ముందు, ఎప్పుడూ ఒకే పక్కన ఉంటుంది. ఈ నమూనా కనిపిస్తే వేగం గురించి ఇంక వాదన అక్కర్లేదు.

దౌడులో నాలుగు ముద్రలు ఒక గుంపుగా పడి, ఆ తర్వాత పెద్ద ఖాళీ వస్తుంది. వేగంగా దౌడు తీస్తే గుంపులో వెనక కాళ్లే ముందుంటాయి, ఎందుకంటే అవి ముందు కాళ్లను దాటి వచ్చి పడతాయి. వేళ్ల కొనలు లోతుగా దిగి, వెనక మట్టి చిమ్మి ఉంటుంది.

అడుగు దూరాన్ని కొలవాలంటే ఒకే కాలి ముద్ర నుంచి అదే కాలి తర్వాతి ముద్రకు కొలవండి. కుడి నుంచి ఎడమకు కొలిస్తే దాదాపు సగం వస్తుంది. ఎవరు ఎలా కొలిచారో రాయకపోతే ఆ అంకె పనికిరాదు.

ఎటు వెళ్లిందో ఎలా చెప్పాలి?

ముద్ర శుభ్రంగా ఉంటే ప్రశ్నే లేదు, వేళ్లు చూపే వైపే. ఇబ్బంది అంతా మసక ముద్రలతోనే. అప్పుడు మట్టి ఏం చేసిందో చూడాలి. కాలు ముందుకు పోవాలంటే నేలను వెనక్కి తోయాలి. ఆ తోపుకు ఇసుక గుంట వెనక అంచున చిన్న కట్టలా పోగుపడుతుంది, పరుగైతే రేణువులు వెనక్కి ఎగిరి పడతాయి. తడి ఇసుకలో ఇది బిళ్లలా విరిగి పక్కకు లేస్తుంది. లోతు బురదలో కాలు దిగేటప్పుడు, లేచేటప్పుడు రెండు వైపులా ఈడ్చిన గీతలు పడతాయి కాబట్టి ఒక్క గీత చూసి దిక్కు తేల్చకండి. గుంట అడుగు ఎటు లోతుగా ఉందో చూడండి, వేళ్ల కొనలు దిగిన వైపు చాలాసార్లు అదే.

జింక, పంది లాంటి గిట్టల జంతువులకు గిట్ట మొనదేలిన వైపు ముందు. పందికి కాలి వెనక పైన ఉండే రెండు చిన్న గిట్టలు పెద్ద గిట్టల వెనక కాస్త పక్కలకు పడతాయి. జింకకు మామూలు నేల మీద అవి పడవు, లోతు బురదలోనో గెంతినప్పుడో పడతాయి.

కుందేలు జాడ చూసి చాలామంది దిక్కు తిప్పి చెబుతారు. పెద్ద ముద్రలు రెండూ పక్కపక్కన ఉంటాయి, చిన్నవి రెండూ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. పెద్దవి వెనక కాళ్లవి. గెంతినప్పుడు అవే ముందుకు వచ్చి పడతాయి. కాబట్టి పెద్ద ముద్రలు ఉన్న వైపే కుందేలు వెళ్లింది.

ఒక ఫోటోను మొదటి నుంచి చివరి దాకా చదివి చూపిస్తారా?

చెరువు గట్టు బురదలో తీసిన రెండు ఫోటోలు మీ ముందు ఉన్నాయనుకుందాం. వాటితోపాటు "గోళ్లు లేవు, చిరుతే" అన్న మాట కూడా వచ్చింది.

మొదటి ఫోటోలో ఒకే ముద్ర ఉంది. స్కేలు పై అంచున పెట్టారు. దాని ప్రకారం పొడవు 8, వెడల్పు 6.9 సెంటీమీటర్లు. ముద్ర లోతు సుమారు 3 సెంటీమీటర్లు, ఫోన్ అడుగు నుంచి 60 ఎత్తున ఉందన్నారు కాబట్టి 5 శాతం కలిపితే పొడవు 8.4, వెడల్పు 7.2 అవుతుంది. ఈ వెడల్పు చిరుతకు సరిపోతుంది, పెద్ద కుక్కకూ సరిపోతుంది. అంటే సైజుతో ఏమీ తేలలేదు. పొడవు వెడల్పుకన్నా స్పష్టంగా ఎక్కువ, అది కుక్క వైపు ఒక చిన్న మొగ్గు మాత్రమే.

ఫోటోను పెద్దది చేసి చూస్తే మధ్య రెండు వేళ్ల కొనలు ఒకే గీత మీద ఉన్నాయి. బయటి వేళ్లు రెండూ ఒకే ఎత్తున ఉన్నాయి. అరికాలి మెత్త ముందు అంచు ఒక్క బొడిపె, వెనక మూడు తమ్మెలు లేవు. నడుమ మట్టి గుబ్బ లేచి ఉంది, దాని గుండా రెండు గీతలు గుణకారం గుర్తులా సాఫీగా పోతున్నాయి. ఇక్కడికి కుక్క జాతి అని తేలిపోయింది. అప్పుడు గోళ్ల కోసం మళ్లీ వెతికితే మధ్య వేళ్లకు అర సెంటీమీటరు ముందు రెండు సన్నటి చీలికలు నీడలో దొరికాయి. మొదటే వాటి కోసం వెతికి దొరక్కపోయి ఉంటే చిరుత అనేసేవాళ్లమే. అలాగే మధ్య వేళ్ల మెత్తలు విడివిడిగా ఉన్నాయి, పైగా సైజు పెద్దది, కాబట్టి నక్క కూడా కాదు. ఇక పెద్ద కుక్క అన్నదే నిలబడుతుంది.

రెండో ఫోటోలో జాడ ఐదు చోట్ల ఉంది, కానీ నిలబడి ఏటవాలుగా తీశారు. దూరంగా ఉన్న ఎడాలు దగ్గరగా కనబడతాయి కాబట్టి స్కేలు పక్కన ఉన్న మొదటి ఎడాన్నే కొలిచాం: కుడి ముద్ర నుంచి ఎడమ ముద్రకు 55 సెంటీమీటర్లు, అంటే ఒకే కాలికి 110 దాకా. ఈ సైజు కుక్క తీరిగ్గా నడిస్తే ఎడం మామూలుగా ఇంతకన్నా తక్కువే ఉంటుంది. అయినా ఒక్క ఎడంతో తేల్చలేం. మొదటి రెండు చోట్ల చిన్న ముద్ర పెద్దదాని మీద పడింది. మూడో చోటు నుంచి చిన్నవి అన్నీ పెద్దవాటికి ముందు, ఎడమ పక్కకు జరిగాయి. ఇది ఒళ్లు ఏటవాలుగా పెట్టిన చిన్న పరుగు. వెనక కాళ్లు ఎడమకు పడ్డాయి కాబట్టి నడుము ఎడమ వైపు తిరిగి ఉంది. వేళ్లు నీటికి దూరంగా చూపుతున్నాయి, ముద్రల వెనక అంచుల్లో మట్టి పోగు కూడా ఆ దిక్కుతో సరిపోయింది. కాబట్టి తీర్పు ఇది: ఒక పెద్ద కుక్క, నీటి నుంచి దూరంగా, చిన్న పరుగున వెళ్లింది. దాని జాతి ఏమిటో, ఊరిదో అడవిలో తిరిగేదో ఈ రెండు ఫోటోల్లో లేదు.

ముద్ర ఎంత పాతదో ఫోటోలో తెలుస్తుందా?

గంటల్లో చెప్పలేం. ఎండ, గాలి, మట్టిలో తేమ అన్నీ మార్చేస్తాయి. దాని మీద ఏం పడిందో చూడండి: వాన చినుకు గుంటలు ముద్ర లోపల కూడా ఉంటే వానకు ముందుది, చుట్టూ ఉండి లోపల లేకపోతే వాన తర్వాతది. పురుగు పాకిన గీత ముద్రను దాటి పోతే పురుగు తర్వాత వచ్చింది. ఇంతకు మించి చెప్పాలంటే స్థలంలోనే ఉండాలి.

ముద్ర చూసి ఫలానా పులే అని, మగదో ఆడదో చెప్పవచ్చా?

మగ పులి వెనక పంజా ముద్ర చతురస్రానికి దగ్గరగా, ఆడ పులిది కోలగా ఉంటుందని చెబుతారు. మంచి నేల మీద, అనేక ముద్రలు కొలిస్తే ఆ మొగ్గు కనిపిస్తుంది. ఒక్క ఫోటోతో కాదు, ఎందుకంటే అదే పులి ముద్ర మెత్తటి బురదలో వెడల్పుగా, గట్టి నేల మీద సన్నగా పడుతుంది. భారతదేశంలో దశాబ్దాల పాటు పులుల లెక్క పంజా ముద్రల అచ్చుల మీదే నడిచింది, ఒక్కో ముద్రను ఒక్కో పులిగా పోల్చేవాళ్లు. రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులు ఉన్నాయని లెక్కల్లో చూపిస్తూ ఉండగానే 2005 నాటికి అక్కడ ఒక్కటి కూడా మిగల్లేదని బయటపడింది. ఆ తర్వాత జరిగిన దేశవ్యాప్త లెక్కల్లో పులులను విడివిడిగా గుర్తుపట్టే పని కెమెరా ట్రాప్‌లకు, ఒంటి మీది చారలకు మారింది. పంజా ముద్రలు ఆ ప్రాంతంలో పులి తిరిగిందని చెప్పే ఆధారంగా మిగిలాయి.